ఎకరం పత్తికి సీజన్ ఖర్చు: ఒక లెక్క కాదు, రెండు లెక్కలు

*అన్నా, మాది మహారాష్ట్రలో కిన్వట్ తాలూకాలో ఆదిలాబాద్ సరిహద్దు పక్కన ఊరు. నల్లరేగడి భూమి, బాపు పత్తి వేస్తాడు. ఈసారి పక్కన ఇంకో ఎకరం 12 వేలకు కౌలుకు ఇస్తామంటున్నారు. విత్తనం, ఎరువు, కూలీ, నీళ్లు, మార్కెట్ దాకా బండి కిరాయి అన్నీ కలిపి ఎకరానికి ఎంత అవుతుంది? ఊళ్లో ఒకాయన 25 వేలంటాడు, ఇంకొకాయన 40 దాటుతుందంటాడు. ఎవరి లెక్క నమ్మాలి?*

ఇద్దరివీ నమ్మొచ్చు తమ్ముడూ, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. 25 వేలన్న ఆయన తన జేబులోంచి పోయిన పైసలే లెక్క పెట్టాడు. ఇంట్లో వాళ్లు కలుపు తీసిన రోజులు, సొంత ఎడ్లు, సొంత పెంట ఎరువు ఆయనకు ఖర్చు కాదు. 40 దాటుతుందన్న ఆయన అన్నిటికీ వెల కట్టాడు. అయితే ఇద్దరూ ఒక మాట చెప్పలేదు: ఎన్ని క్వింటాళ్లు పండితే అంత ఖర్చు అని. పత్తిలో అది చెప్పకుండా ఎకరం ఖర్చు అంటే సగం మాటే.

నేను పెన్‌గంగ ఇవతల, వాగు పక్కన పత్తి చేస్తాను. పన్నెండేళ్లుగా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మొదటి నాలుగేళ్లు తారీఖు వేసి అన్నీ వరసగా రాసేవాణ్ని, చివరికి కూడితే ఒక అంకె వచ్చేది, దానితో ఏం చేయాలో తెలిసేది కాదు. తర్వాత పేజీని రెండుగా చీల్చాను. ఎడమ పక్క ఏరుడు మొదలయ్యే లోపు పెట్టిన ఖర్చు. పంట నాలుగు క్వింటాళ్లు వచ్చినా తొమ్మిది వచ్చినా అది మారదు, పెట్టాక తిరిగి రాదు. కుడి పక్క ఏరుడు నుంచి మార్కెట్ కాంటా దాకా అయ్యే ఖర్చు. అది క్వింటాలుకు ఇంత అని ఉంటుంది. నీ కౌలు ప్రశ్నకు జవాబు ఈ రెండు పక్కలూ విడిగా ఉంటేనే దొరుకుతుంది.

నిరుడు, అంటే 2025 ఖరీఫ్‌లో నా ఒక ఎకరం లెక్క చెప్తాను. అంకెలన్నీ మా ఊరి రేట్లు. మీ ఊళ్లో కూలీ 50 రూపాయలు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని నువ్వు మార్చుకో. ఆడ కూలీ 300, మగ కూలీ ఎక్కువే గానీ లెక్క తేలికగా ఉండడానికి అన్నిటికీ 300 వేస్తున్నాను.

ముందు దుక్కి. చాలా మంది ట్రాక్టర్ దగ్గర మొదలు పెడతారు, దానికి ముందు పాత పత్తి కట్టె పీకి గట్టుకు వేసే పని ఉంటుంది, అది ఎవరూ రాయరు. ఇద్దరు మనుషులు, 600. ఎండాకాలం నాగలి దుక్కి ట్రాక్టర్‌తో 1,800, వానకు ముందు కల్టివేటర్ రెండుసార్లు కలిపి 1,600. మొత్తం 4,000.

విత్తనం దగ్గర గందరగోళం లేదు. బీటీ పత్తి 475 గ్రాముల ప్యాకెట్ ధరను కేంద్రమే నిర్ణయిస్తుంది, 2025లో 901 రూపాయలు. ఈసారి ప్రకటించిన ధర చూసి మార్చుకో. ఎకరానికి రెండు ప్యాకెట్లు, 1,802. అచ్చు తోలడానికి ఎడ్ల కిరాయి 500, గింజలు పెట్టడానికి నలుగురు ఆడవాళ్లు 1,200. పోగుంటలు పూడ్చడానికి ఇంకో అర ప్యాకెట్, ఒక కూలీ, కలిపి 750. ఇదంతా 4,250 దాకా.

ఇక్కడే పెద్ద దెబ్బ తగిలే చోటు ఒకటి ఉంది. మే నెలాఖరులో నాలుగు చినుకులు పడగానే పొడి దుక్కిలో గింజ పెట్టేవాళ్లు ఉంటారు. మొలిచాక పది రోజులు వాన రాకపోతే సగం పోతుంది. నల్లరేగడిలో 75 నుంచి 100 మిల్లీమీటర్లు పడి, జానెడు లోతున మట్టి పిడికిట్లో ఉండ కట్టాలి, అప్పుడు పెట్టాలి. నేను ఒక ఏడాది తొందరపడి రెండోసారి విత్తాను. మళ్లీ రెండు ప్యాకెట్లు, మళ్లీ నలుగురు కూలీలు, 3,000 పోయింది. అంతకంటే పెద్ద నష్టం, పంట మూడు వారాలు వెనక పడి చివరి పూత గులాబీ రంగు పురుగు పాలైంది. ఆ 3,000 ఈ లెక్కలో కలపలేదు. నువ్వు మాత్రం చేతిలో విడిగా పెట్టుకో.

సరిహద్దు ఊరు కాబట్టి ఇంకో మాట. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు 'గడ్డిమందు కొట్టినా చావని విత్తనం' అని విడి సంచుల్లో వస్తుంది. కలుపు కూలీ మిగులుతుందని ఆశ పెడతారు. దానికి అనుమతి లేదు, బిల్లు ఇవ్వరు. మొలవకపోతే ఎవరినీ అడగలేవు. ప్రకటించిన ధర పెట్టి బిల్లు తీసుకో, ప్యాకెట్ ఖాళీ సంచి పంట అమ్మే దాకా దాచుకో.

ఎరువు దగ్గర మనవాళ్లు బస్తాల్లో మాట్లాడతారు, 'ఐదు బస్తాలు వేశా' అంటారు. ఏ బస్తా అన్నది తెలియకుండా దానికి అర్థం లేదు. వానాధార బీటీ పత్తికి ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్ అని సిఫారసు. దీన్ని బస్తాల్లోకి మార్చడం చూడు. డీఏపీలో భాస్వరం 46 శాతం. అంటే 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం వచ్చేసింది, దాంతో పాటు 9 కిలోల నత్రజని కూడా. ఇంకా 39 కిలోల నత్రజని కావాలి. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు 20 కిలోల పైన. కాబట్టి రెండు బస్తాలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం, 40 కిలోలు చాలు. ఒక డీఏపీ, రెండు యూరియా, ముప్పావు బస్తా పైన కొంచెం పొటాష్. అంతే.

డీఏపీ 1,350, యూరియా 266 రూపాయల 50 పైసల చొప్పున రెండు, పొటాష్ బస్తా 1,800 వేసుకుంటే 40 కిలోలకు 1,440. కలిపి 3,300 దాటుతుంది. ఇది సంచి మీద ధర. కొరత రోజుల్లో ఏమవుతుందో నీకు తెలుసు. నిరుడు ఆగస్టులో నాకు ఒక దుకాణంలో యూరియా ఇస్తూ 'ఈ సీసా కూడా తీసుకోవాలి' అని 400 రూపాయల ఏదో టానిక్ అంటగట్టారు. అది పొలంలో ఏం చేసిందో ఇప్పటికీ తెలియదు. యూరియా జూన్‌లోనే తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. ఎరువు తెచ్చిన ఆటో, మూడు దఫాలు వేసిన కూలీ కలుపుకుంటే 4,400. నేను రెండు ట్రాలీల పెంట ఎరువు 5,000కు కొని తోలించాను. దాని బలం మూడేళ్లు ఉంటుంది, ఒక్క ఏడాది మీద మొత్తం వేయడం న్యాయం కాదు. ఈ ఏడాది వాటా 1,700. ఎరువు పద్దు 6,100. ఇది సొంత భూమి మాట. కౌలు ఎకరానికి పెంట ఎరువు తోలితే రాబోయే ఏడాది దాన్ని ఎవరు చేస్తారో ముందు అడుగు.

కలుపు. ఎడమ పక్కలో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే, అంచనాలు తప్పేది కూడా ఇక్కడే. మొదటి కలుపు, రెండో కలుపు ఎనిమిదేసి మంది, మూడోది ఐదుగురు. 21 కూలీలు, 6,300. సాళ్ల మధ్య గుంటుక నాలుగుసార్లు, ఎడ్ల కిరాయి 500 చొప్పున 2,000. మొత్తం 8,300. జూలైలో ముసురు పట్టి పది రోజులు గుంటుక దిగకపోతే ఎనిమిది మంది కాస్తా పదమూడు మంది అవుతారు. అప్పుడు ఊరంతా ఒకేసారి కూలీలను పిలుస్తుంది, 300 రూపాయల కూలీ 350 అవుతుంది, పైగా ఆటో పంపాలి. నా పుస్తకంలో పన్నెండేళ్లలో కలుపు పద్దు 5,000 నుంచి 11,000 దాకా తిరిగింది. విత్తనం ధర మీద గంటసేపు వాదించుకుంటాం గానీ లెక్క అటూ ఇటూ అయ్యేది కలుపులోనే.

పురుగు మందులు ఐదు దఫాలు, మందులకు 3,500, కొట్టిన మనిషికి 1,500. మొత్తం 5,000. లింగాకర్షక బుట్టలు పెట్టి చూసుకుని కొడితే ఒక దఫా తగ్గుతుంది, దుకాణదారు మాట విని కొడితే రెండు పెరుగుతాయి.

నీళ్ల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే దీన్ని అందరూ అందాజాగా చెప్తారు. పత్తికి వరిలా నీళ్లు అక్కర్లేదు. సెప్టెంబరు చివర నుంచి కాయ నిండే రోజుల్లో వాన మొహం చాటేస్తే రెండు తడులు కావాలి. ఒక తడి అంటే పొలం మీద 5 సెంటీమీటర్ల నీళ్లు అనుకో. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి సుమారు 200 ఘనపు మీటర్లు, అంటే రెండు లక్షల లీటర్లు. 5 హెచ్‌పీ పంపు సెకనుకు 8 లీటర్లు పోస్తుందనుకుంటే గంటకు 29 వేల లీటర్లు వస్తాయి. ఏడు గంటలు తోలాలి. సాలు విడిచి సాలుకు పారిస్తే నాలుగు గంటల్లో అయిపోతుంది, నల్లరేగడి పక్కకు తేమ లాగుతుంది కాబట్టి పత్తికి అది సరిపోతుంది. నీ పంపు ఎంత పోస్తుందో తెలియకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడు. 25 సెకన్లు పడితే సెకనుకు 8 లీటర్లు. 40 పడితే 5 లీటర్లే, నీ గంటలు ఒకటిన్నర రెట్లు దాటుతాయి.

నాకు వాగు నుంచి డీజిల్ ఇంజన్. కిరాయి, డీజిల్ కలిపి గంటకు 200. నాలుగు గంటల చొప్పున రెండు తడులు 1,600, నీళ్లు మళ్లించే మనిషికి 600. మొత్తం 2,200. మీకు బావి మీద కరెంటు మోటారు ఉంటే సంగతి వేరు. మహారాష్ట్రలో 7.5 హెచ్‌పీ దాకా వ్యవసాయ మోటార్లకు 2024 నుంచి బిల్లు లేదు, నీకు మనిషి ఖర్చే. కాకపోతే మోటారు కాలితే ఒక్కసారే మూడు నాలుగు వేలు పోతాయి, కాబట్టి ఎకరానికి ఏటా 500 పక్కన రాసుకో. ఆ కౌలు ఎకరానికి మీ బావి నీళ్లు అందుతాయో లేదో నువ్వు చెప్పలేదు. అందకపోతే డీజిల్ లెక్కే.

ఎడమ పక్క కూడితే 29,850. ఏరుడు మొదలు కాకముందే దాదాపు 30 వేలు భూమిలో ఉన్నాయి.

ఇప్పుడు ఆ 25 వేల పెద్దమనిషి లెక్క చూడు. ఈ 30 వేలలో 38 కూలీ రోజులు ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఆయన కలిసి 20 రోజులు చేశారనుకో, 6,000 తగ్గింది. ఎడ్లు సొంతం, 2,500 తగ్గింది. పెంట సొంతం, ఇంకో 1,700. చేతిలోంచి పోయింది 19,650. ఏరుడుకు బయటి కూలీలకు ఇచ్చింది ఐదు వేల పైన. ఇరవై ఐదు వేలు, సరిగ్గా కుదిరింది. బండి కిరాయి, హమాలీ పత్తి అమ్మిన పైసల్లోంచే అక్కడికక్కడ ఇచ్చేస్తాడు కాబట్టి అవి ఆయనకు ఖర్చుగా గుర్తే ఉండవు. మద్దతు ధరకు ప్రాతిపదిక వేసే కేంద్ర కమిషన్ కూడా ఈ రెండిటినీ వేరుగానే చూస్తుంది. దాదాపు ఇలాంటి చేతి ఖర్చును ఏ2 అంటారు, దానికి ఇంటి వాళ్ల కష్టం కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. ఇల్లు గడవడానికి ఎంత అప్పు కావాలో తెలుసుకోవాలంటే మొదటిది చూడాలి. కౌలుకు తీసుకోవాలా వద్దా అంటే రెండోది చూడాలి. ఎందుకంటే ఆ ఎకరంలో మీ అమ్మ 20 రోజులు వంగితే, ఆ 20 రోజులు ఇంకొకరి చేనులో కైకిలి పోయినా 6,000 వచ్చేవి.

ఇక కుడి పక్క. ఏరుడు కిలో లెక్కన ఇస్తారు. నిరుడు మా దగ్గర మొదటి ఏరుడు 9 రూపాయలు, రెండోది 10, చివరిది 13. కాయ బాగా పగిలినప్పుడు ఒక మనిషి రోజుకు 40 కిలోలు ఏరుతుంది, చివర్లో 20 కూడా కష్టం, అందుకే రేటు పెరుగుతుంది. సగటున క్వింటాలుకు 1,050 పడింది. చేను నుంచి ఇంటికి తేవడం, ఆరబోయడం 30, మార్కెట్‌కు బండి 130, దింపుడు, తూకం 40. క్వింటాలుకు 1,250 అయింది. ఎనిమిది క్వింటాళ్లు వచ్చాయి కాబట్టి 10,000.

ఇందులో బండి 130 అన్నది చాలా చిన్నగా కనిపించే అంకె. అది ఎట్లా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే దాన్ని 500 చేసుకున్న ఏడాది కూడా నాకుంది. పత్తి బరువు తక్కువ, జాగా ఎక్కువ. పికప్ బండి కిరాయి ట్రిప్పుకు, క్వింటాలుకు కాదు. మా ఊరి నుంచి 2,200. తొక్కి నింపితే 17 క్వింటాళ్లు పడతాయి, అప్పుడే 130. ఆ ఏడాది నాకు డబ్బు తొందర, మొదటి ఏరుడు ఆరు క్వింటాళ్లు ఒక్కణ్నే వేసుకుని పోయాను. జిన్నింగు మిల్లు గేటు ముందు వరస, రాత్రంతా అక్కడే. డ్రైవరు నిలిపినందుకు 800 అడిగాడు. తెల్లారి మీటరు పెడితే తేమ 13. మద్దతు ధరకు కొనరన్నారు. గేటు బయట ఒక వ్యాపారి నా మొహం చూసి రేటు చెప్పాడు, బండి తిప్పుకుని పోతే ఇంకో 2,200 కదా, ఇచ్చేశాను. బండికే క్వింటాలుకు 500 పడింది, ధరలో పోయింది వేరు.

తేమ సంగతి సరిగ్గా తెలుసుకో. కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 2025-26లో పొడవు పింజకు అది 8,110. 8 దాటి ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర కోస్తారు, అంటే సుమారు 81 రూపాయలు. 12 దాటితే కొనరు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. 12 శాతం ఉన్న క్వింటాలు పత్తిని 8కి ఆరబెడితే బరువు 95 కిలోల 650 గ్రాములకు దిగుతుంది. అంటే బరువులో నాలుగు శాతం పైన పోతుంది, ధరలో కోసేదీ నాలుగు శాతమే. కాబట్టి 10 శాతం ఉన్న పత్తిని 8కి తేవాలని నాలుగు రోజులు కూలీ పెట్టి తిరగేయడం వృథా. 13, 14 ఉన్నదాన్ని 12 కిందికి తేవడం మాత్రం తప్పనిసరి. ఇంట్లో మీటరు లేకపోతే గింజను పంటి కింద పెట్టి కొరుకు. టక్కుమని పగిలితే తీసుకుపో. మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి. పొద్దున్నే మంచులో ఏరిన పత్తిని మధ్యాహ్నం ఏరిన దానితో ఒకే కుప్ప వేయకు, లోపల వేడెక్కి పసుపు తిరుగుతుంది, అప్పుడు తేమ తక్కువున్నా గ్రేడు పోతుంది.

అమ్మకం వైపు చెప్తే, ఆరు క్వింటాళ్లు 10 శాతం తేమతో సుమారు 7,900 లెక్కన మద్దతు ధరకు పోయాయి. చివరి ఏరుడు రెండు క్వింటాళ్లు రంగు లేదు, బయట 6,700కు ఇచ్చాను. మొత్తం 60,800, సగటున క్వింటాలుకు 7,600.

వడ్డీ ఒకటి మిగిలింది. డబ్బు అంతా జూన్‌లోనే పెట్టం, మెల్లగా పెడతాం, అందుకని సగం సొమ్ముకు ఆరు నెలలు వేస్తాను. 15 వేలకు నూటికి రెండు రూపాయల మిత్తి, 1,800. బ్యాంకు పంట రుణం దొరికి గడువులో కడితే మహారాష్ట్రలో 3 లక్షల దాకా వడ్డీ పడదు, ఆ పద్దు కొట్టేయొచ్చు. దుకాణంలో ఉద్దెర తెస్తే వడ్డీ కంటే ఇంకోటి నష్టం. పత్తి అతనికే వేయాలి, అతను చెప్పిన రేటుకే.

అన్నీ కలిపితే 41,650. రెండో పెద్దమనిషి మాట కూడా నిజమైంది కదా.

ఇప్పుడు నీ ప్రశ్నకు. పండినా పండకపోయినా పోయేది 29,850కి వడ్డీ 1,800 కలిపి 31,650. ఒక్కో క్వింటాలు అమ్మితే 7,600 వస్తుంది, దాన్ని ఏరి అమ్మడానికి 1,250 పోతుంది, చేతికి మిగిలేది 6,350. 31,650ని 6,350తో భాగిస్తే ఐదు. సొంత ఎకరంలో ఐదు క్వింటాళ్లు వస్తే పెట్టింది వచ్చింది, ఇంటి వాళ్ల కూలీతో సహా. ఆరోది నుంచి లాభం. కౌలు 12,000 కలిపితే 43,650 అవుతుంది, అప్పుడు ఏడు క్వింటాళ్లు కావాలి.

కానీ కౌలు ఎకరానికి 7,600 ధర వేయడం తప్పు. మద్దతు ధర నమోదు కపాస్ కిసాన్ యాప్‌లో భూమి రికార్డు మీద జరుగుతుంది. ఆ రికార్డు, అదే సాత్‌బారా, ఆసామి పేరున ఉంటే, ఆయన తన పేరున నమోదు చేసి, తన ఖాతాలో పడిన డబ్బు నీకిస్తేనే నీకు ఆ ధర. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే కొంటామన్న పరిమితి కూడా ఉంటుంది, కాబట్టి కౌలు పత్తిని మీ సాత్‌బారా మీద ఎక్కిద్దామంటే కుదరకపోవచ్చు. ఆదిలాబాద్ యార్డు దగ్గరే కదా అంటావేమో. అక్కడ వ్యాపారికి అమ్ముకోవచ్చు గానీ మద్దతు ధరకు మన రాష్ట్రం కాగితాలు అక్కడ పనికిరావు. కాబట్టి కౌలు ఎకరం పత్తి వ్యాపారికే పోతుందనుకుని 6,900 వేయి. ఖర్చు తీసేస్తే క్వింటాలుకు మిగిలేది 5,650. అప్పుడు 43,650కి ఏడున్నర పైన, ఎనిమిదికి దగ్గర రావాలి. అదీ పెట్టింది తిరిగి రావడానికే.

నా ఎకరంలో పోయిన ఐదేళ్లు 7, 4, 9, 6, 8. ఎనిమిది తాకింది రెండుసార్లే, వాగు నీళ్లు ఉండి కూడా. ఈ లెక్కతో నేనైతే 12 వేలకు తీసుకోను. 7 వేలకు ఇచ్చి, ఆసామి తన పేరున మద్దతు ధర నమోదు చేయిస్తానని నలుగురిలో ఒప్పుకుంటే, ఆరు క్వింటాళ్ల దగ్గరే పెట్టుబడి తేలుతుంది, అప్పుడు ఆలోచిస్తాను.

బాపును ఆ పక్క ఎకరం పాత పంట గురించి అడుగు. పోయిన నాలుగైదేళ్లు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో ఊళ్లో ఏరిన కూలీలకు తెలుస్తుంది, ఆసామి కంటే వాళ్లే నిజం చెప్తారు. ఆ అంకె, అక్కడికి నీళ్లు అందుతాయా లేదా, మీ ఊరి కూలీ రేటు ఇక్కడ రాయి. నీ అంకెలతో రెండు పక్కలూ మళ్లీ వేసి చూపిస్తాను.